జెల్లీ గట్టిపడలేదా? ఇంకో చెంచా వేసే ముందు ఇవి చూడండి

జెల్లీ కుదరలేదనగానే అందరూ చేసే పని ఒకటే, ఇంకాస్త పొడి వేయడం. పోయినసారి జావలా ఉన్నది ఈసారి రబ్బరవుతుంది. అసలు తప్పు మాత్రం అలాగే ఉంటుంది.

ముందు కొలత చూసుకోండి. అర లీటరుకి అగర్ పొడి 3 గ్రాములైతే మెత్తగా, 4 గ్రాములైతే అచ్చులోంచి తీసినా నిలబడేలా వస్తుంది. జెలటిన్ అయితే గిన్నెలోనే తినడానికి 7 గ్రాములు, అచ్చు తిరగేయాలంటే 10. కంపెనీని బట్టి బలం కొద్దిగా మారుతుంది. ఒకదాని కొలతతో ఇంకోటి వేసినవాళ్లు చాలామందే ఉన్నారు. అగర్ పోగులు వాడుతూ పొడి లెక్క వేసినా కుదరదు. చెంచాలు పక్కన పెట్టి, గ్రాములు తూచే చిన్న కాటా వాడండి.

జెల్లీ అడుగున ఇసుకలా తగులుతోంది

అగర్ కరగలేదు. వేడి నీళ్లలో కలిపితే చాలదు, నీళ్లు తెర్లుతుండగా కనీసం 2 నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. పాల పుడ్డింగ్ గట్టిపడలేదన్నా ముందు అనుమానించాల్సింది ఇదే.

కొలత సరే, బాగా మరిగించాను, అయినా జావలాగే ఉంది

పులుపు పండ్ల దగ్గర నన్ను చాలాసార్లు ముంచింది ఇదే. నారింజ రసం, నిమ్మరసం, అగర్ అన్నీ ఒకే గిన్నెలో వేసి, "బాగా కరగాలి కదా" అని ఐదారు నిమిషాలు మరిగించేదాన్ని. పులుపూ వేడీ కలిస్తే అగర్‌లోని పొడవాటి గొలుసులు తెగిపోతాయి. అవి తెగాక ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టినా గట్టిపడవు. ఎంత ఎక్కువసేపు మరిగిస్తే అంత పాడు. జాగ్రత్తపడ్డకొద్దీ చెడిపోతుంది కాబట్టి తప్పు ఎక్కడుందో తట్టదు.

పరిష్కారం: అగర్‌ని నీళ్లలోనే ఉడికించి, రసాన్ని పొయ్యి ఆపాక కలపాలి. అర లీటరు నారింజ జెల్లీకి నేను చేసేది చెబుతాను. 220 మి.లీ. చల్లటి నీళ్లలో 4 గ్రాముల అగర్ కలిపి, 2 నిమిషాలు తెర్లనిచ్చి, 60 గ్రాముల చక్కెర వేసి కరిగిస్తాను. ఆవిరి పోగా సుమారు 200 మి.లీ. మిగులుతుంది. పొయ్యి ఆపి, 300 మి.లీ. రసం కలుపుతూ పోస్తాను.

ఆ రసం ఫ్రిజ్‌లోంచి తీసింది కాకూడదు. 30 డిగ్రీల రసం కలిస్తే మిశ్రమం 55 డిగ్రీల దగ్గర ఉంటుంది, తీరిగ్గా అచ్చుల్లో పోసుకోవచ్చు. 5 డిగ్రీల రసం పోస్తే 40కి పడిపోతుంది. అగర్ గడ్డకట్టడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే, కాబట్టి గిన్నెలోనే పోగులు పోగులుగా విరిగిపోతుంది. అందుకే రసాన్ని ముందు గోరువెచ్చగా చేసుకోండి.

ఇలా చేస్తే నారింజకి అదనంగా అగర్ అక్కర్లేదు. నిమ్మరసం గట్టిగా పడే జెల్లీకి మాత్రం 1 గ్రాము పెంచండి.

అచ్చుల్లో పోసే ముందు ఒక చెంచాడు పళ్లెంలో వేసి చూడండి. అగర్ మామూలు గది వేడిలోనే గడ్డకడుతుంది. 5 నిమిషాల్లో వేలితో తోస్తే ముడత పడాలి. పడకపోతే పోయకండి. ఈ పరీక్ష చెప్పి చెప్పి విసుగొచ్చింది, అయినా ఎవరూ చేయరు.

ఇప్పటికే పాడైందా? మళ్లీ మరిగించొద్దు, మిగిలిన గొలుసులూ తెగుతాయి. విడిగా 100 మి.లీ. నీళ్లలో 3 గ్రాముల అగర్ ఉడికించండి. జావగా ఉన్నదాన్ని మిక్సీలో తిప్పి, 50 డిగ్రీలకి వేడిచేసి, అందులో కలపండి. అద్దంలా రాదు, రుచి కాస్త పలచబడుతుంది, కానీ నిలబడుతుంది.

జెలటిన్ వేసిన పైనాపిల్ జెల్లీ నీళ్లలా ఉంది

దీన్ని పులుపు మీదికి తోయకండి. పచ్చి పైనాపిల్, కివీ, బొప్పాయిల్లో మాంసకృత్తులను కోసే ఎంజైమ్ ఉంటుంది, జెలటిన్ మాంసకృత్తే. ఎంత పెంచినా కోసేస్తుంది. ముక్కల్ని ముందు 5 నిమిషాలు ఉడికించండి, డబ్బాలో వచ్చేవైతే ఇప్పటికే వేడిచేసినవే. లేదా అగర్ వాడండి, దాన్ని ఈ ఎంజైమ్ ఏమీ చేయదు. పులుపుకీ జెలటిన్ కాస్త మెత్తబడుతుంది గానీ పూర్తిగా నీరవదు. నిమ్మ జెల్లీకి 10 గ్రాముల బదులు 13 వేస్తే సరిపోతుంది.

పాతబడిన పొడి, నీళ్ల ఉప్పదనం లాంటివి కారణమైన సందర్భాలు నాకు పెద్దగా ఎదురుకాలేదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్లండి.