కూచిపూడి పోటీలో మార్కులు వేసే ముందు చూసుకోవాల్సినవి

తుమ్మలపల్లి కళాక్షేత్రంలో పోటీకి జడ్జిగా కూర్చుంటున్నారా? మొదటి పాప స్టేజీ ఎక్కకముందే ఏ తప్పుకి ఏ గడిలో మార్కులు తగ్గించాలో జడ్జీలంతా మాట్లాడుకుని కాగితం మీద రాసుకోండి. అడుగుల శుద్ధి, అరమండి, తాళం, హస్తాలు కలిపి టెక్నిక్‌కి 50, అభినయానికి 50 అనుకుందాం.

ఇబ్బందంతా తరంగంలోనే. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి జతులు వేస్తుంటే హాలంతా చప్పట్లు మోగుతాయి, ఆ ఊపులో అభినయానికి కూడా మార్కులు పెరిగిపోతాయి. పళ్లెం మీద నడక టెక్నిక్ గడిలోదే. ఒక అమ్మాయి కాలు జారి పళ్లెం దిగింది, తాళం తప్పకుండా మళ్లీ ఎక్కింది, ముఖంలో భావం మాత్రం చెదరలేదనుకోండి: టెక్నిక్‌లో 42 పడాల్సిన చోట 38 వెయ్యండి, అభినయంలో వచ్చిన 44 అలాగే ఉంచండి. జారిన కంగారులో భావం కూడా తెగిపోతేనే రెండో గడిలో తగ్గించాలి.

రెండు గడులూ అప్పటికప్పుడే నింపండి, మొత్తం ముందే అనుకుని వెనక్కి పంచొద్దు.

మొత్తం సమానమైతే ఏ గడి చూడాలో కూడా ముందే తేల్చుకోండి, పేర్లు తెలిశాక తేలిస్తే తల్లిదండ్రులు ఊరుకోరు, వాళ్లడిగేదీ న్యాయమే.