నవంబర్ 30 గడువుకు ముందే కొనుగోలు బిల్లులు సరిచూసుకోండి

2025-26లో కొన్న సరుకు మీద తీసుకోకుండా వదిలేసిన జీఎస్టీ క్రెడిట్ ఉంటే, 2026 నవంబర్ 30లోపు వేసే GSTR-3Bలో తీసుకోవాలి. వార్షిక రిటర్ను అంతకన్నా ముందే వేసేస్తే గడువు ఆ రోజుతోనే సరి. అందుకే సరిచూడకుండా దాని జోలికి వెళ్లకండి.

చిన్న షాపుల్లో క్రెడిట్ ఎక్కువగా ఎలా జారిపోతుందంటే, ఒక పెయింట్ల షాపు లెక్క చూడండి. 2025 ఆగస్టులో రూ.80,000 సరుకు వచ్చింది, 18 శాతం చొప్పున పన్ను రూ.14,400. అమ్మిన పార్టీ ఆ బిల్లును అక్టోబర్ GSTR-1లో ఎక్కించింది. అమ్మినవాళ్లు ఎక్కించిన బిల్లులన్నీ కనిపించే ఆగస్టు GSTR-2Bలో ఆ బిల్లు లేదు కాబట్టి అకౌంటెంట్ క్రెడిట్ తీసుకోలేదు, అది సరైనదే. అక్టోబర్ 2Bలో బిల్లు వచ్చింది. అయితే అప్పుడు ఆయన అక్టోబర్ బిల్లులతో మాత్రమే పోల్చి, మిగిలింది పక్కన పెట్టేశాడు. రూ.14,400 అలాగే ఉండిపోయింది.

కాబట్టి నెలకు నెల పోల్చకండి. ఏడాది మొత్తం కొనుగోలు రిజిస్టర్ ఒక షీట్‌లో, 2025 ఏప్రిల్ నుంచి ఇప్పటివరకు వచ్చిన 2Bలన్నీ Sheet2 అనే ఇంకో షీట్‌లో పెట్టండి. బిల్లు నంబర్‌తో వెతికితే విసుగొస్తుంది. మీరు 24 అని రాసుకుంటే వాళ్లు 024/25-26 అని ఎక్కిస్తారు. రెండు షీట్లలోనూ A కాలమ్‌లో పార్టీ GSTIN, D కాలమ్‌లో పన్ను మొత్తం ఉంచితే, రిజిస్టర్ షీట్‌లో ప్రతి బిల్లు పక్కన ఇది చాలు:

```
=COUNTIFS(Sheet2!A:A,A2,Sheet2!D:D,D2)
```

1 వస్తే బిల్లు దొరికినట్టే. 2 వస్తే తేదీ చూడండి. 0 వచ్చినా కంగారు వద్దు, పైసల తేడాకు కూడా 0 వస్తుంది. ముందు రెండు షీట్లలోనూ పన్నును రూపాయలకు సవరించి మళ్లీ చూడండి.

తర్వాత అసలు జాగ్రత్త: ప్రతి బిల్లు పక్కన ఏ నెల 3Bలో క్రెడిట్ తీసుకున్నారో రాయండి. ఖాళీగా మిగిలినవే మీకు రావాల్సినవి. ఈ కాలమ్ లేకుండా తొందరపడితే ఒకే బిల్లుకు రెండుసార్లు తీసుకుంటారు. అలా తీసుకున్నది వాడుకుంటే 18 శాతం వడ్డీతో కట్టాలి.

2Bలో ఉండి మీ రిజిస్టర్‌లో లేనివి కూడా చూడండి. బ్యాంకు చార్జీలు, షాపు ఫోన్ బిల్లుల మీద పన్ను చాలామంది రాసుకోరు. అయితే ఇంటి వాడకానికి కొన్నదానికి, పార్టీ పొరపాటున మీ నంబర్ మీద ఎక్కించినదానికి క్రెడిట్ రాదు.

రిజిస్టర్‌లో ఉండి 2Bలో లేనివాటికి పార్టీకి ఫోన్ చేయాల్సిందే. వేరే GSTIN మీద ఎక్కించి ఉండొచ్చు, లేదా అసలు ఎక్కించకపోయి ఉండొచ్చు. వాళ్లు 2026 అక్టోబర్ GSTR-1ను నవంబర్ 11లోపు వేస్తేనే, 14న వచ్చే 2Bలో మీకు కనిపిస్తుంది. మూడు నెలలకోసారి రిటర్ను వేసే పార్టీ అయితే మధ్య నెలల బిల్లులు ఎక్కించే IFFలో నవంబర్ 13లోపు ఎక్కించమని ప్రత్యేకంగా చెప్పండి. ఆ ఫోన్లు నవంబర్‌లో మొదలుపెడితే ఎవరూ ఎత్తరు, సెప్టెంబర్‌లోనే చేయండి.