అండమాన్ ప్యాకేజీకి అడ్వాన్స్ కట్టే ముందు ఈ లెక్క వేసుకోండి

వేసవి సెలవులు దగ్గర పడగానే ఫోన్ నిండా ప్యాకేజీల ప్రకటనలే. "అండమాన్ 5 రాత్రులు, 6 పగళ్లు, విమానంతో కలిపి ఒక్కరికి 35,000 మాత్రమే" అని మాకూ ఒకటి వచ్చింది. మేం నలుగురం: నేను, మావారు, పద్నాలుగేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల బాబు. హైదరాబాద్ నుంచి ప్రయాణం. విడివిడిగా బుక్ చేసుకుంటే ఎంతో మిగులుతుందని మావారి నమ్మకం. మొదటిసారి వేసిన లెక్కలో ఆయన మాటే నిజమనిపించింది. కానీ ఆ లెక్క తప్పు. ఎక్కడ తప్పిందో చెబితే మీకు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందుగా ఆ 35,000 ఎవరికి వర్తిస్తుందో అడగండి. అది ఒక గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే పడే ధర. మా అమ్మాయికి ఎక్స్‌ట్రా బెడ్‌తో 31,500, బాబుకి బెడ్ లేకుండా 28,500 అన్నారు. మొత్తం 1,30,000, దానిపై 5 శాతం జీఎస్టీ 6,500 కలిపి 1,36,500. ఇక్కడే ఇంకో మాట బయటపడింది. నలుగురికీ ఒకటే గది! ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో రెండో గది కావాలంటే ధర మళ్లీ మారుతుంది. మేం ఒక గదికే సర్దుకున్నాం కాబట్టి, విడిగా చూసేటప్పుడు కూడా ఒకే గదికి లెక్క కట్టాం.

తర్వాత చేసిన పని, విమానం లేకుండా ధర ఎంతో చెప్పమని అదే ఏజెంటుని అడగడం. దీన్ని ల్యాండ్ ప్యాకేజీ అంటారు. పన్నుతో కలిపి 63,000 అన్నారు. అంటే విమానాలకు మా దగ్గర తీసుకుంటున్నది 73,500. అదే సాయంత్రం, అవే ఫ్లైట్లు, విమాన సంస్థ సొంత సైట్‌లో డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లి చూస్తే నలుగురికి 64,800. ఒక్క విమానాల దగ్గరే 8,700 తేడా. ఈ పోలిక ఒకే రోజు, ఒకే గంటలో చేయాలి. ఇవాళ్టి కొటేషన్‌ని మూడు రోజుల తర్వాతి టికెట్ ధరతో పోలిస్తే ఏమీ తేలదు. ఏజెంటు చెప్పే ధర గ్రూప్ ఫేర్, అంటే ఒకేసారి చాలా సీట్లు తీసుకున్న ధర అయితే, రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుందో అది కూడా అడగండి.

ఇక దీవుల్లో ఖర్చు. మావారు కాగితం మీద వేసిన లెక్క ఇది: గదులు 22,400, ఫెర్రీలు 16,000, క్యాబులు ఓ 6,000. మొత్తం 44,400. ప్యాకేజీ కంటే 18,600 తక్కువ! చూడగానే సంతోషం వేసింది.

కానీ ఆ 22,400 యాప్‌లో మొదట కనిపించే ధర. అందులో పన్ను లేదు, టిఫిన్ లేదు, అమ్మాయికి ఎక్స్‌ట్రా బెడ్ లేదు. కొటేషన్‌లో రాసిన హోటళ్లే, రాసిన రకం గదులే ఎంచుకుని, ఇవన్నీ కలిపి చివరి పేజీలో చూస్తే 28,600 అయింది. క్యాబుల సంగతి ఇంకా ఘోరం. హైదరాబాద్‌లోలా యాప్ నొక్కితే కారు వస్తుందనే అలవాటుతో వేసిన అంకె అది. హేవ్‌లాక్, నీల్ దీవుల్లో అలా కుదరదు, స్థానిక టాక్సీయే మాట్లాడుకోవాలి. కూర్చుని ఒక్కో ప్రయాణం లెక్కపెట్టాను. పోర్ట్ బ్లెయిర్‌లో విమానాశ్రయం నుంచి హోటల్, సెల్యులార్ జైలు వైపు తిరగడం, మర్నాడు ఫెర్రీ ఎక్కే జెట్టీకి. హేవ్‌లాక్‌లో జెట్టీ నుంచి హోటల్, రాధానగర్ బీచ్, మళ్లీ జెట్టీ. నీల్‌లోనూ అలాగే మూడు. తిరిగొచ్చాక జెట్టీ నుంచి హోటల్, చివరిరోజు విమానాశ్రయం. మొత్తం పదకొండు! ఫోన్లు చేసి అడిగితే అన్నీ కలిపి 11,500 తేలింది. ప్యాకేజీలో ఉండి మేం అసలు లెక్కలోకే తీసుకోనిది ఎలిఫెంట్ బీచ్ బోటు, నలుగురికి 4,000.

ఇప్పుడు మళ్లీ కూడితే 60,100. ప్యాకేజీ 63,000. తేడా 2,900 మాత్రమే.

నలుగురున్న కుటుంబం కాబట్టి ఇలా వచ్చింది. స్కూటర్ అద్దెకు తీసుకుని తిరిగే ఇద్దరు కుర్రాళ్లయితే క్యాబుల ఖర్చు చాలావరకు పోతుంది, టికెట్ దొరికితే ప్రభుత్వ ఫెర్రీ ఇంకా చవక. వాళ్లకు విడిగా బుక్ చేసుకోవడమే లాభం.

మేం విమానాలు సొంతంగా, దీవుల్లో మిగతాదంతా ల్యాండ్ ప్యాకేజీగా తీసుకున్నాం. మొత్తం 1,27,800 అయింది. ఇంకో 2,900 మిగిల్చుకోవచ్చు గానీ, మా టెన్షన్ అంతా ఫెర్రీల గురించే. మన పిల్లల సెలవులు జూన్ దాకా ఉంటాయి కదా, నైరుతి రుతుపవనాలేమో మామూలుగా మే మూడో వారం నాటికే అండమాన్‌ని తాకుతాయి. సముద్రం బాగా లేకపోతే ఫెర్రీ రద్దవుతుంది. అప్పుడు ఆ రాత్రి హోటలు, తర్వాతి ఫెర్రీ, అవతల దీవిలో కారు అన్నీ ఒకేసారి మార్చుకోవాలి. అక్కడ మనిషి ఉన్న ఏజెంటు అయితే ఆ పని ఆయన చూస్తారు. అయితే అదనపు రాత్రికి డబ్బు ఎవరిదో ముందే రాయించుకోండి. చాలా కొటేషన్లలో కింద చిన్న అక్షరాల్లో అది మనమే కట్టుకోవాలని ఉంటుంది. అలా ఉంటే ఆ ఖర్చుకి ఓ పదివేలు విడిగా పెట్టుకోండి.

కొటేషన్‌లో హోటల్ పేరు పక్కన "లేదా అదే స్థాయి హోటల్" అని ఉంటే ఊరుకోకండి. రెండేళ్ల క్రితం మున్నార్‌లో ఈ మాటని పట్టించుకోలేదు. ఊళ్లో ఉన్న హోటల్ ఫొటోలు చూపించి, మమ్మల్ని పద్నాలుగు కిలోమీటర్ల అవతల దించారు. రాత్రి తొమ్మిదింటికి బాబుకి పాలు కావాలంటే చుట్టుపక్కల ఒక్క కొట్టు లేదు. అందుకే ఈసారి అడ్వాన్స్ తక్కువగా కట్టి, వోచర్లు వచ్చాక నేనే మూడు హోటళ్లకూ ఫోన్ చేశాను. మా పేరు మీద బుకింగ్ ఉందా, ఏ రకం గది, టిఫిన్ ఉందా అని అడిగి, సరే అనుకున్నాకే మిగతా డబ్బు పంపాం. టికెట్లు కూడా ఏజెంటు చేత తీయిస్తే, పీఎన్ఆర్‌ని విమాన సంస్థ సైట్‌లో వేసి మీరే చూసుకోండి.

వెతికేటప్పుడు పేర్లు చూసి తికమక పడకండి. హేవ్‌లాక్ ఇప్పుడు స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, పోర్ట్ బ్లెయిర్ 2024 నుంచి శ్రీ విజయపురం. ఒక సైట్‌లో పాత పేరు, ఇంకో సైట్‌లో కొత్త పేరు కనిపిస్తాయి.

రెండు కొటేషన్ల మధ్య నాలుగైదు వేలు తేడా ఉంటే, చివరి రాత్రి ఎక్కడో చూడండి. చవక ప్లానులో ఆ రాత్రి నీల్‌లో పెట్టి, మర్నాడు పొద్దున ఫెర్రీ, మధ్యాహ్నం విమానం అంటారు. పోర్ట్ బ్లెయిర్‌లో జెట్టీ నుంచి హోటల్‌కి వెళ్లే టాక్సీ తగ్గుతుంది కాబట్టి అది కొంత చవక. ఆ పొద్దున ఫెర్రీ కదలకపోతే నలుగురి విమానం టికెట్లు పోయినట్టే. మా ఏజెంటు కూడా మొదట అలాంటిదే పంపారు. చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండేలా మార్పించాక వచ్చిన ధరే పైన చెప్పిన 63,000.