సూక్ష్మస్థితుల లెక్క, 4వ పాఠం: పరమశూన్యం దగ్గర మిగిలిపోయే ఎంట్రోపీ

పోయిన పాఠం చివర ఒక్క లెక్కే ఇచ్చాను. నాలుగు డోలకాలు ఉన్నాయి, వాటి మధ్య మూడు శక్తి క్వాంటాలు పంచాలి, సూక్ష్మస్థితులు ఎన్ని? కొందరు 3 అని రాశారు. చాలామంది 64 అని రాశారు. మిగిలినవారు 20 అని రాశారు, అదే సరైన జవాబు. ఈసారి నేరుగా స్ఫటికంలోకి వెళ్దామనుకున్నాను. కానీ 64 రాసినవారి పొరపాటును ఇక్కడే పట్టుకోకపోతే స్ఫటికంలో అదే పొరపాటు తలకిందులుగా ఎదురవుతుంది. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

3 రాసినవారు పంపకాల రకాలను లెక్కపెట్టారు. మూడు క్వాంటాలూ ఒకే డోలకంలో ఉండటం ఒక రకం, రెండు ఒకచోట, ఒకటి మరొకచోట ఉండటం రెండో రకం, మూడుచోట్ల ఒక్కొక్కటి ఉండటం మూడో రకం. రకాలు మూడే, నిజమే. అయితే ఏ డోలకంలో ఎన్ని ఉన్నాయో చెప్పనంతవరకు అది సూక్ష్మస్థితి కాదు. మొదటి రకానికి 4 విధాలున్నాయి. రెండో రకంలో రెండు క్వాంటాలున్న డోలకాన్ని నాలుగింటిలో ఎంచుకుని, ఒకటి ఉన్నదాన్ని మిగిలిన మూడింటిలో ఎంచుకోవాలి కాబట్టి 12 విధాలు. మూడో రకంలో ఖాళీగా ఉండే డోలకాన్ని ఎంచుకుంటే చాలు, 4 విధాలు. మొత్తం 20.

64 ఎలా వచ్చిందో కూడా తెలుసు. ఒక్కో క్వాంటానికి నాలుగు దారులు, మూడు క్వాంటాలు, 4 × 4 × 4. ఇలా గుణించిన క్షణంలోనే మీరు క్వాంటాలకు పేర్లు పెట్టేశారు. ‘మొదటి క్వాంటం ఎడమ డోలకంలో, రెండోది కుడి డోలకంలో’ అన్నదాన్నీ, అవి తారుమారైనదాన్నీ రెండుగా లెక్కించారు. ప్రకృతిలో ఆ రెండింటికీ తేడా లేదు. డోలకం ఒక చోట స్థిరంగా ఉంటుంది, దాన్ని వేలుపెట్టి చూపగలం. క్వాంటాన్ని అలా చూపలేం, ఆ డోలకం శక్తి మూడు మెట్లు ఎక్కిందని మాత్రమే చెప్పగలం.

నేను ఇలాంటి లెక్కకు ఎప్పుడూ బొమ్మే గీస్తాను. మూడు చుక్కలు, వాటిని నాలుగు గదులుగా విడదీసే మూడు గీతలు:

```
● ● | ● | |
```

ఇది 2, 1, 0, 0 అనే స్థితి. మొత్తం ఆరు స్థానాల్లో చుక్కలకు మూడు ఎంచుకోవాలి, అది 20 విధాలు. సూత్రం మరచిపోయినా బొమ్మ మరచిపోరు. ఇక ఎంట్రోపీ ఒక్క వరుసలో వస్తుంది:

```
S = k ln W = 1.381 × 10⁻²³ × ln 20 = 4.14 × 10⁻²³ J/K
```

ఇప్పుడు స్ఫటికం. కార్బన్ మోనాక్సైడ్ అణువులో ఒక కొస కార్బన్, మరో కొస ఆక్సిజన్. ఈ రెండు కొసలూ పరిమాణంలో దాదాపు సమానం. అణువు ద్విధ్రువ భ్రామకం కూడా చాలా చిన్నది, సుమారు 0.11 డిబై. అందువల్ల స్ఫటికంలో తన స్థానంలో CO అని కూర్చున్నా OC అని కూర్చున్నా శక్తిలో తేడా అత్యల్పం. ఆ కాస్త తేడా పట్టింపుకు వచ్చేంతగా స్ఫటికం చల్లబడేసరికి, అటునుంచి ఇటు తిరగడానికి కావలసిన శక్తి అణువుకు ఉండదు. ఎలా ఉన్నది అలాగే బిగుసుకుపోతుంది.

నాలుగు అణువుల స్ఫటికం ఊహించుకోండి. ఒక్కో అణువుకు రెండు దిశలు, కాబట్టి W = 2⁴ = 16. ఎంట్రోపీ k ln 16, అంటే 3.83 × 10⁻²³ J/K. దీన్ని ఒక మోల్‌కు పెంచితే W = 2ᴺ, ఇక్కడ N అవగాడ్రో సంఖ్య. Nk అంటే R కాబట్టి:

```
S = k ln 2ᴺ = N k ln 2 = R ln 2 = 8.314 × 0.693 = 5.76 J/(K mol)
```

ఇక్కడే ఆగాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఎక్కువ చిరాకు తెప్పించే తప్పు ఇక్కడే ఉంది. క్వాంటాలకు పేర్లు లేవని విన్నవారు వెంటనే, ‘కార్బన్ మోనాక్సైడ్ అణువులకు కూడా పేర్లు లేవు కదా, అన్నీ ఒకేలాంటివే కదా’ అంటారు. అని 2ᴺ ను N క్రమగుణితంతో భాగిస్తారు. వాయువుల పాఠంలో అలా భాగించడం నేర్చుకున్నారు, అక్కడ అది సరైనదే, అందుకే ఈ తప్పు చాలా నమ్మకంగా చేస్తారు.

నాలుగు అణువుల దగ్గరే పరీక్షించండి. 4! అంటే 24. పదహారును ఇరవైనాలుగుతో భాగిస్తే 0.67 వస్తుంది. సూక్ష్మస్థితుల సంఖ్య ఒకటికంటే తక్కువా? ఒక వ్యవస్థ ఉందంటే అది కనీసం ఒక స్థితిలో ఉండాలి. W ఒకటికంటే తగ్గిన చోట లెక్క తప్పిందని అర్థం, ఇంకేమీ చూడక్కరలేదు. ఒక మోల్‌కు ఇదే చేస్తే 5.76 కు బదులు సుమారు −441 వస్తుంది. ఈ సంఖ్యను చూసి కూడా కిందికి గీత గీసి జవాబుగా రాసినవారిని చూశాను, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

తప్పు ఎక్కడుందో చెబుతాను. అణువులకు పేర్లు లేవన్నది నిజమే. అయితే స్ఫటికంలోని స్థానాలకు పేర్లున్నాయి. నిజాయితీగా మొదటినుంచి లెక్కిద్దాం. ముందు అణువులకు పేర్లున్నాయనుకుందాం. నాలుగు అణువులను నాలుగు స్థానాల్లో 24 విధాలుగా కూర్చోబెట్టవచ్చు. ప్రతి అమరికలోనూ దిశలు 16 విధాలు. మొత్తం 24 × 16. ఇప్పుడు పేర్లు చెరిపేస్తే 24 తో భాగించాలి. మిగిలింది 16. అంటే ఆ భాగహారం జరగవలసిన చోట జరిగిపోయింది, స్థానాల అమరికలతో కొట్టివేత అయిపోయింది. 2ᴺ రాసి మళ్ళీ భాగించేవారు ఒకే పన్ను రెండుసార్లు కడుతున్నారు. వాయువులో అణువులన్నీ ఒకే జాగాలో తిరుగుతాయి, వాటిని గుర్తుపట్టడానికి స్థానం పనికిరాదు, అందుకే అక్కడ భాగహారం మిగిలిపోతుంది. డోలకాల లెక్కలోనూ మనం డోలకాలను క్రమగుణితంతో భాగించలేదు, గమనించారా? స్ఫటికంలోని స్థానం ఆ డోలకం లాంటిది. అక్కడ నిలబడిన దిశ, ఆ డోలకంలోని క్వాంటాల సంఖ్య లాంటిది.

నైట్రోజన్ అణువును తిప్పినా రెండు కొసలూ ఒకటే కాబట్టి కొత్త స్థితి రాదు, W = 1. దాని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

మరి ఈ 5.76 నిజంగా కనిపిస్తుందా? ఎంట్రోపీని రెండు వేర్వేరు దారుల్లో తెలుసుకోవచ్చు. మొదటిది ఉష్ణమాపనం. స్ఫటికాన్ని వీలైనంత చల్లబరచి, కొద్దికొద్దిగా వేడి ఇస్తూ, ఇచ్చిన వేడిని అప్పటి ఉష్ణోగ్రతతో భాగించి కూడుకుంటూ పోవాలి. దారిలో సుమారు 62 కెల్విన్ దగ్గర స్ఫటికం రూపం మారుతుంది, 68 దగ్గర కరుగుతుంది, 82 దగ్గర మరుగుతుంది, ఆ గుప్తోష్ణాలూ కలపాలి. రెండోది వర్ణపటం. వాయు అణువు భ్రమణ, కంపన స్థాయిలను వర్ణపటం నుంచి తీసుకుని సూక్ష్మస్థితులను నేరుగా లెక్కించడం. 1932లో క్లేటన్, జియోక్ కార్బన్ మోనాక్సైడ్‌కు ఈ రెండూ పోల్చి చూశారు. వర్ణపటం చెప్పిన విలువ 298 కెల్విన్ దగ్గర నేటి లెక్కలో సుమారు 197.7. ఉష్ణమాపనం ఇచ్చినది దానికంటే సుమారు 4.6 తక్కువ.

ఆ తక్కువే అవశేష ఎంట్రోపీ. ఉష్ణమాపనం సున్నా దగ్గర ఎంట్రోపీ సున్నా అని మొదలుపెడుతుంది, దిశల అస్తవ్యస్తం అప్పటికే స్ఫటికంలో ఉండిపోయిందని దానికి తెలియదు. అణువులు చక్కగా సర్దుకుని ఉంటే, వేడిచేసేటప్పుడు ఆ సర్దుబాటు చెదరడానికి కొంత వేడి తీసుకునేవి, ఆ వేడి మన కూడికలోకి వచ్చేది. అవి ముందే చెదిరి ఉన్నాయి కాబట్టి ఆ వేడి ఎప్పుడూ కనిపించదు.

4.6 అన్నది 5.76 కంటే తక్కువ. అంటే దిశలు పూర్తిగా యాదృచ్ఛికం కావు. ఎంత? ప్రతి అణువూ పక్కవాటితో సంబంధం లేకుండా p సంభావ్యతతో తప్పు దిశలో ఉందనుకుంటే,

```
S = −R [p ln p + (1 − p) ln(1 − p)]
```

p = 0.5 పెడితే R ln 2 వస్తుంది. 4.6 రావాలంటే p సుమారు 0.24 కావాలి. నూటికి ఇరవైనాలుగు అణువులు తిరగబడి ఉన్నట్టు. ఈ 24 ను కొలిచిన సంఖ్యగా మాత్రం ఎక్కడా రాయకండి. ‘పక్కవాటితో సంబంధం లేకుండా’ అన్న ఊహ మీద అది నిలబడి ఉంది. సగం సగం దిశలున్నా, పక్కపక్క అణువులు ఒకదానికొకటి లోబడి ఉంటే కూడా ఎంట్రోపీ 4.6 కు దిగవచ్చు. ఒక్క ఎంట్రోపీ విలువ ఈ రెండింటిలో ఏది జరిగిందో చెప్పలేదు.

ఇంకో ఉదాహరణ చూసి అభ్యాసానికి వెళ్దాం. నైట్రిక్ ఆక్సైడ్, NO. దీనికీ రెండు కొసలు వేరు, కాబట్టి R ln 2 అనాలనిపిస్తుంది. కొలిచిన విలువ సుమారు 3 మాత్రమే. కారణం, ఘనస్థితిలో NO అణువులు జంటలుగా కలిసి N₂O₂ అవుతాయి, జంట మొత్తం ఒక్కటిగా రెండు దిశల్లో కూర్చుంటుంది. ఒక మోల్ NO లో జంటలు N/2, కాబట్టి W = 2ᴺᐟ², ఎంట్రోపీ అర్ధ R ln 2, అంటే 2.88. దిశలు ఎన్ని అని అడిగేముందు తిరిగేది ఏది అని అడగాలి.

అభ్యాసం ఒక్కటే, కానీ తీరికగా కూర్చుని చేయాలి. నాలుగు కార్బన్ మోనాక్సైడ్ అణువులు ఒకే వరుసలో, తల తోక తగిలేలా పడుకుని ఉన్నాయనుకోండి. ప్రతి అణువుకూ ఆక్సిజన్ వైపు చూపే బాణం గీయండి. ఇప్పుడు ఒక నియమం పెడుతున్నాను, ఇది నిజమైన స్ఫటికానిది కాదు, లెక్క కోసం నేను పెట్టింది: పక్కపక్క అణువుల ఆక్సిజన్‌లు రెండూ ఎదురెదురుగా ఉండకూడదు, అంటే → ← అనే జత ఎక్కడా రాకూడదు. పదహారు వరుసలూ కాగితం మీద రాసి, కూడనివి కొట్టివేసి, మిగిలినవి లెక్కపెట్టండి. తరువాత ఐదు అణువులకు, ఆ తరువాత N అణువులకు సూత్రం కనుక్కోండి. ఒకసారి బాణం కుడికి తిరిగాక దాని తరువాతివి ఎటు తిరగగలవో చూస్తే చాలు. చివరగా, ఒక మోల్ అణువులు అలా ఒకే వరుసలో ఉంటే అవశేష ఎంట్రోపీ ఎంత? లెక్క మొదలుపెట్టకముందే 5.76 లో ఎంత భాగం మిగులుతుందని మీకు అనిపిస్తోందో ఒక పక్కన రాసి పెట్టుకోండి. జవాబుతో పాటు ఆ అంచనాను కూడా నాకు పంపండి.