ఆస్తి బీమా క్లెయిమ్ లెక్క – 4వ పాఠం: పది లక్షల నష్టానికి ఆరు లక్షలే ఎందుకు?

పోయిన పాఠంలో బీమా మొత్తం అంటే ఏమిటో చూశాం. ఆ అంకె తక్కువగా రాయిస్తే ఏమవుతుందో ఈసారి లెక్క కట్టి చూద్దాం.

ఒక బట్టల దుకాణం. సరుకుకు 24 లక్షలకు అగ్నిప్రమాద పాలసీ ఉంది. దసరాకు ముందు షార్ట్ సర్క్యూట్ అయి, వెనక గదిలో 10 లక్షల సరుకు కాలిపోయింది. పాలసీ 24 లక్షలకు ఉంది, నష్టం పదే కాబట్టి మొత్తం వచ్చేస్తుందని యజమాని ధీమాగా ఉంటాడు. నష్టాన్ని అంచనా వేయడానికి బీమా కంపెనీ పంపే సర్వేయర్ మాత్రం ముందుగా కాలినదాన్ని కాదు, ప్రమాదం జరిగిన రోజు దుకాణంలో ఉన్న సరుకంతటి విలువను తేలుస్తాడు.

అందుకు ఖాతా పుస్తకాలు అడుగుతాడు. ఏప్రిల్ 1న ఉన్న సరుకు 22 లక్షలు. అప్పటినుంచి కొన్నది 70 లక్షలు. అమ్మకాలు 65 లక్షలు, అందులో లాభం 20 శాతం, అంటే 13 లక్షలు. అది తీసేస్తే అమ్ముడైన సరుకు కొన్న ధరలో 52 లక్షలు. 22కి 70 కలిపి 52 తీసేస్తే 40 లక్షలు. ప్రమాదం రోజున షాపులో ఉండాల్సిన సరుకు అదీ. మిగిలిన సరుకును లెక్కపెడితే 30 లక్షలు తేలింది కాబట్టి 10 లక్షల నష్టం కూడా సరిపోయింది. ఇదంతా కొన్న ధర మీదే నడుస్తుంది. అమ్మకం ధర చీటీలు చూసి లెక్క వేసుకునేవాళ్లు ఇక్కడే తప్పుతారు.

ఇప్పుడు యావరేజ్ క్లాజు వస్తుంది. దాని సూత్రం ఇది:

చెల్లింపు = నష్టం × బీమా మొత్తం ÷ అసలు విలువ

10 లక్షలు × 24 ÷ 40 = 6 లక్షలు. ఇందులోంచి పాలసీలో రాసిన ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిమ్‌లో పాలసీదారే భరించాల్సిన మొత్తం, కూడా పోతుంది. మిగతా 4 లక్షలు యజమాని నెత్తినే పడతాయి.

ఇది అన్యాయంలా కనిపిస్తుంది గానీ, క్లాజు భాష చదివితే కారణం తెలుస్తుంది: బీమా చేయని తేడాకు పాలసీదారే తనకు తాను బీమాదారు. 40 లక్షల సరుకులో 24 లక్షలకే ప్రీమియం కట్టాడు, 16 లక్షల భారం తన దగ్గరే ఉంచుకున్నాడు. కాలిన మూట ఏ భాగంలోదో ఎవరూ చెప్పలేరు. అందుకే ప్రతి రూపాయి నష్టాన్నీ 60–40గా పంచుతారు. లక్ష నష్టమైనా అరవై వేలే వస్తుంది. షాపంతా బూడిదైతే సూత్రం 24 లక్షలే ఇస్తుంది, అది ఎలాగూ పాలసీ గరిష్ఠం. అంటే ఈ కోత మనకు ఎదురయ్యేది చిన్న, మధ్యరకం నష్టాల్లోనే. జరిగేవి ఎక్కువగా అవే.

ఇంతకీ 24 లక్షలనే అంకె ఎక్కడిది? ఎక్కువగా బ్యాంకు క్యాష్ క్రెడిట్ పరిమితి నుంచి. బ్యాంకుకు తన అప్పుకు భద్రత ఉంటే చాలు, మీ సరుకంతటికీ కాదు. దాన్నే ఏటా రెన్యువల్‌లో మార్చకుండా కొనసాగిస్తారు. ఈలోగా సరుకు పెరుగుతుంది, పండగ ముందు మరీ ఎక్కువ. క్లాజు చూసేది ఏడాది సగటును కాదు, ప్రమాదం రోజు విలువను. అందుకే బీమా మొత్తం గరిష్ఠ సరుకు ఉండే నెలను బట్టి పెట్టాలి, లేదా పండగ సరుకు దిగకముందే ఎండార్స్‌మెంట్, అంటే నడుస్తున్న పాలసీలో మార్పు పత్రం, తీసుకుని పెంచుకోవాలి. లెక్క కోసం ప్రీమియం వెయ్యికి రూపాయిన్నర అనుకుంటే, ఆ 16 లక్షలకు ఏడాదికి పడేది 2,400 రూపాయలు, పన్ను అదనం. దాన్ని పైన చూసిన 4 లక్షల నష్టంతో పోల్చి చూడండి.

ఇంకో చోట కూడా జాగ్రత్త. పాలసీలో భవనం, ఫర్నిచర్, సరుకు విడివిడి పద్దులుగా ఉంటే సూత్రం ఒక్కోదానికి వేరుగా వర్తిస్తుంది. భవనానికి ఎక్కువ రాయించిన మొత్తం సరుకు లోటును సాధారణంగా పూడ్చదు.

కొంత ఊరట ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష (ఒకచోట 5 కోట్ల వరకు ఉన్న ఆస్తులకు), భారత్ లఘు ఉద్యమ్ సురక్ష (5 నుంచి 50 కోట్ల వరకు) పాలసీల్లో 15 శాతం వరకు లోటును పట్టించుకోరు. 40 లక్షల సరుకుకు 34 లక్షల బీమా ఉంటే కోత లేదన్నమాట. మన ఉదాహరణలో లోటు 40 శాతం, ఆ హద్దుకు చాలా దూరం.

సాధన: మీ సరుకు విలువ 50 లక్షలు, బీమా 30 లక్షలు, నష్టం 8 లక్షలు. ఎంత వస్తుంది? ఇదే నష్టానికి బీమా 44 లక్షలైతే, సూక్ష్మ పాలసీలో ఎంత? జవాబులు: ఎక్సెస్‌కు ముందు 4 లక్షల 80 వేలు, 12 శాతం లోటే కాబట్టి పూర్తి 8 లక్షలు.

వచ్చే పాఠంలో పాత యంత్రానికి తరుగుదల ఎలా తీస్తారో చూద్దాం.