కంట్లో కాస్టిక్ సోడా పడితే: ఐ వాష్, సేఫ్టీ షవర్ సిద్ధంగా ఉంచుకోవడం ఎలా?

చంద్రపూర్, బల్లార్‌పూర్ వైపు కాగితం మిల్లుల్లో, నీటి శుద్ధి ప్లాంట్లలో పనిచేసే తెలుగువారికి కాస్టిక్ సోడా కొత్త కాదు. కంటికి సాధారణంగా ఆమ్లం కంటే ఇదే ఎక్కువ ప్రమాదం. ఆమ్లం తగిలిన చోట కణజాలం గడ్డకట్టి కొంత అడ్డుపడుతుంది. కాస్టిక్ సోడా లాంటి క్షారం అక్కడి కొవ్వును సబ్బులా మార్చుకుంటూ లోపలికి దిగిపోతుంది. అందుకే మొదటి పది సెకన్లలోనే నీళ్లు అందాలి.

ఎక్కడ పెట్టాలి?

ఒక డోసింగ్ ట్యాంకును ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ నిలబడి, కళ్లు మూసుకుని, ఐ వాష్ దాకా నడిచి చూడండి. పది సెకన్లలో, అంటే దాదాపు 17 మీటర్లలోపు చేరుకోగలగాలి. గాఢ కాస్టిక్ వాడే చోటైతే ట్యాంకు పక్కనే ఉండాలి. దారిలో మెట్టు ఉండకూడదు, డ్రమ్ములు అడ్డు రాకూడదు, దగ్గర్లో స్విచ్ బోర్డు ఉండకూడదు. ప్యాడిల్ నొక్కిన ఒక్క సెకనులో వాల్వు తెరుచుకుని, చెయ్యి తీసేసినా తెరిచే ఉండాలి. రెండు చేతులూ రెప్పలను విప్పి పట్టుకోవడానికి కావాలి కదా.

ఇక నీటి లెక్క. షవర్ నిమిషానికి దాదాపు 76 లీటర్లు పోయాలి. పదిహేను నిమిషాలకు అది 1,140 లీటర్లు అవుతుంది. అంటే షవర్ కోసం 1,000 లీటర్ల ట్యాంకు పెట్టి, పైన నీళ్లు నింపే ఏర్పాటు లేకపోతే, సమయం పూర్తికాకముందే ధార ఆగిపోతుంది. 20 లీటర్ల బకెట్‌ను షవర్ కింద పట్టండి. 16 సెకన్లలో నిండితే ధార సరిపోతుంది. అరనిమిషం పడితే పైపులోనో వాల్వులోనో అడ్డు ఉందన్నమాట.

వారానికోసారి పరీక్ష

నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే: వేసవిలో ఈ పరీక్ష ఉదయం ఏడింటికి చేయకండి, మధ్యాహ్నం మూడింటికి చేయండి. నీరు 16 నుంచి 38 డిగ్రీల మధ్య ఉండాలి. చంద్రపూర్ మే ఎండలో గోడమీది ఇనుప పైపులో నిలిచిన నీరు ఆ హద్దు దాటి చాలా పైకి పోతుంది. ఉదయం చల్లగా వచ్చిన అదే ధార మధ్యాహ్నం కంటిని కాల్చేస్తుంది. వేడికి మనిషి రెప్పలు మూసేసుకుంటాడు, రెండు నిమిషాలకే తల తీసేస్తాడు. కాస్టిక్ మాత్రం లోపలే ఉంటుంది. థర్మామీటరు పెట్టి మొదటి నిమిషం నీటినే కొలవండి. 38 దాటితే పైపుకు ఇన్సులేషన్ చుట్టండి, ట్యాంకుకు నీడ వేయండి. వీలుంటే పైపును భూమిలోకి దించండి.

పరీక్షలో తుప్పురంగు పోయి నీరు తేటగా వచ్చేదాకా వదలండి. నిలిచిన నీటిలో పెరిగే సూక్ష్మజీవులు కూడా ఈ వదలడంతోనే బయటికి పోతాయి. ఐ వాష్ రెండు ధారలూ సమానంగా లేచి, రెండు కళ్లనూ ఒకేసారి తాకాలి. లీకేజీ బాగుచేసినప్పుడు మూసిన మెయిన్ వాల్వును మళ్లీ తెరిచారా అన్నది ప్రత్యేకంగా చూడండి. చాలాచోట్ల పరీక్ష మానేయడానికి అసలు కారణం నీళ్లు పోయే దారి లేకపోవడమే. డ్రెయిన్ కట్టించండి. తేదీ, ఉష్ణోగ్రత, సంతకం ఉన్న కార్డును అక్కడే వేలాడదీయండి.

చిమ్మినప్పుడు

పక్కవాళ్లు బాధితుణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాలి, అతనికి దారి కనిపించదు. రెప్పలు వేళ్లతో విప్పి పట్టుకుని, కంటిని పైకీ కిందికీ పక్కలకూ తిప్పుతూ కడగాలి. కాంటాక్ట్ లెన్సు ఉంటే, సులువుగా వస్తే, కడుగుతూనే తీసేయాలి. కనీసం పదిహేను నిమిషాలు కడగాలి. కాస్టిక్ అయితే అరగంట, ఇంకా ఎక్కువైనా కడగాలి. మంట తగ్గిందని ఆపకూడదు, ఎందుకంటే లోతైన గాయంలో నొప్పి తక్కువగా తెలియవచ్చు. ఒంటిమీద కూడా పడితే షవర్ కిందే బట్టలు, బూట్లు విప్పాలి. చొక్కాను తలమీదుగా లాగకుండా కత్తిరించి తీయాలి. సేఫ్టీ గాగుల్స్ పెట్టుకుని ఉండి, కంట్లో పడకపోతే తల, ముఖం కడిగాకే వాటిని తీయాలి, లేకపోతే పైన ఉన్నది కంట్లోకి జారుతుంది.

పాలు, ఆముదం, నిమ్మరసం, వెనిగర్ ఏదీ వేయకండి. నీళ్లు, సెలైన్ తప్ప మరేదీ వద్దు. ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. దారిలోనూ సీసాలోని సెలైన్‌తో కడుగుతూ వెళ్లాలి. డ్రమ్ముమీది లేబులు ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. ఏ రసాయనం, ఎంత గాఢత, ఎంతసేపు కడిగారన్నవి ఆయన మొదట అడిగే ప్రశ్నలు. పీహెచ్ కాగితంతో కంటిని చూసి, అది 7 దగ్గరికి రాకపోతే ఆస్పత్రిలోనూ కడగడం కొనసాగిస్తారు.

తర్వాతి షిఫ్టు మొదలయ్యేలోపు ప్యాడిల్ వాల్వు మూసి, ట్యాంకు నింపి, ధారను మరోసారి పరీక్షించి కార్డులో రాయండి.