ప్రొడక్ట్ మేనేజర్ ‘కుదరదు’ను కస్టమర్‌కు మర్యాదగా తిరగరాసే ముందు జాగ్రత్తలు

ఉదాహరణకు, కస్టమర్ అడిగినదానికి ప్రొడక్ట్ మేనేజర్, అంటే పీఎం, మీకు పంపిన ముక్క ఇది: “ఎక్సెల్ డౌన్‌లోడ్ సౌకర్యం చేయం. అడిగింది ఇద్దరే. ఇలాంటివి మళ్లీ పంపకండి.”

☐ ఆ ‘చేయం’ ఎప్పటికీనా, ఈ మూడు నెలలకేనా? ముందు పీఎంనే అడగండి. ఇది తేలకుండా కలం కదపవద్దు. ఎప్పటికీ చేయనిదాన్ని “పరిశీలిస్తాం” అని రాస్తే కస్టమర్ ప్రతి నెలా అడుగుతూనే ఉంటాడు.

☐ కారణం నిజమైనదే రాయండి, కానీ “అడిగింది ఇద్దరే” అన్నది బయటకు వెళ్లకూడదు. దాని బదులు జట్టు సమయం ఇప్పుడు దేనికి పోతోందో చెప్పండి.

☐ పీఎం ఒప్పుకోని తేదీ రాయవద్దు. “త్వరలో” కూడా తేదీ కిందే లెక్క.

☐ ప్రత్యామ్నాయం సూచిస్తే ముందు మీరే చేసి చూడండి.

తిరగరాశాక ఇలా ఉండవచ్చు:

“ఎక్సెల్ డౌన్‌లోడ్ కావాలన్న మీ అభ్యర్థన అందిందండీ. ఈ మూడు నెలలూ చెల్లింపులు విఫలమవుతున్న సమస్యపైనే పనిచేస్తున్నాం కాబట్టి దీన్ని ఇప్పుడు చేపట్టడం లేదు. ప్రస్తుతానికి నివేదికను సీఎస్‌వీగా దించుకుని ఎక్సెల్‌లో తెరవవచ్చు. ఇలా చేయడానికి మీకు నెలకు ఎంత సమయం పడుతోందో రాస్తే, వచ్చే ప్రణాళిక సమావేశంలో ముందుంచుతాను.”

☐ ఆ చివరి మాట మీ పేరుమీద వెళ్తుంది. సమావేశం తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో పెట్టుకుని, పంపే ముందు పీఎంకు ఒకసారి చూపించండి.